స్లైడ్లలో దాగిన కారణాన్ని సిబ్బందికి చెప్పడం ఎలా

ప్రాజెక్టు ఆలస్యమైందని తేలిన రోజు మీ చేతికి వచ్చేది సాధారణంగా ఒక ప్రజెంటేషన్. పద్నాలుగు స్లైడ్లు, మధ్యలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గడుల పట్టిక, చివర ‘ధన్యవాదాలు’. పైవాళ్ల సమావేశం కోసం తయారైన ఆ ఫైలును మీకు పంపి, ‘ఇది సిబ్బందికి తెలియజేయండి’ అంటారు. స్లైడ్లలోని ముక్కలను వరసగా పేరాలుగా కలిపి పంపేస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ అది చదివిన వాళ్లు క్యాంటీన్‌లో ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంతకీ ఎందుకు ఆలస్యమైందట?’ ఆ జవాబు సందేశంలోనే ఉండాలి. ఎలా రాయాలో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

నాలుగు శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఊహించుకోండి. కొత్త ఆర్థిక సంవత్సరంతో పాటు, అంటే ఏప్రిల్ 1న, కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుకావాలి. మార్చి రెండో వారంలో అది కుదరదని తేలింది. ప్రజెంటేషన్‌లో ఉన్నది ఇది: ‘డేటా నాణ్యతకు సంబంధించిన సవాళ్ల దృష్ట్యా కాలక్రమాన్ని పునఃసమీక్షించడం జరిగింది. సవరించిన లక్ష్యం: రెండో త్రైమాసికం. వెండర్‌తో సమన్వయం మెరుగుపరచడం జరుగుతోంది.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తెలిసే విషయమూ ఒక్కటి లేదు.

ముందు కారణాన్ని వెతకండి

రాయడం మొదలుపెట్టకండి. ప్రజెంటేషన్‌ను వెనక నుంచి ముందుకు చదవండి. అనుబంధ స్లైడ్లు, పట్టికల కింది చిన్న అక్షరాలు, స్లైడు అడుగున మాట్లాడేవారి కోసం రాసుకున్న నోట్సు, గత నెల ప్రజెంటేషన్‌కూ దీనికీ మధ్య మారిన అంకెలు చూడండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఎవరో కుట్ర చేసి దాచారని కాదు. స్లైడుకు పెద్ద అక్షరాల శీర్షిక, దాని కింద చిన్న అంశాలు, వాటి కింద ఇంకా చిన్న అంశాలు అనే మెట్లు ఉంటాయి. నచ్చని విషయం తనంతట తానే కింది మెట్టుకు జారుతుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 2003 నాటిది. జనవరి 16న బయలుదేరిన కొలంబియా వ్యోమనౌక రెక్కకు, ఇంధన ట్యాంకు మీది పూత నుంచి ఊడిన గట్టి నురుగు ముక్క ఒకటి తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు దాని ప్రమాదం మీద స్లైడ్లు తయారుచేశారు. ఒక స్లైడు శీర్షిక చదివితే, పాత పరీక్షల లెక్కలు భద్రత వైపే మొగ్గుతున్నాయన్న భావం కలుగుతుంది. అదే స్లైడు చిట్టచివరి వరుసల్లో, తగిలిన ముక్క పరిమాణం 1,920 ఘనపు అంగుళాలనీ, పరీక్షల్లో వాడింది 3 ఘనపు అంగుళాలనీ ఉంది. అంటే 640 రెట్లు తేడా. ఫిబ్రవరి 1న నౌక తిరిగివస్తూ విచ్ఛిన్నమైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక ఈ స్లైడును ప్రత్యేకంగా ప్రస్తావించి, సాంకేతిక పత్రాల స్థానంలో స్లైడ్లతో సరిపెట్టుకునే అలవాటును తప్పుపట్టింది. మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో దానికి పోలిక లేదు. అయితే మీరు వెతకాల్సిన చోటు మాత్రం అదే: చివరి వరుస, చిన్న అక్షరం.

మన ఆసుపత్రి ప్రజెంటేషన్‌లో తొమ్మిదో స్లైడు కింద ఒక ముక్క ఉంది: ‘పైలట్ పరిధి: 4 → 1 (డిసెంబరు)’. అంతే. ఈ బాణం గుర్తు వెనక ఏముందో స్లైడు తయారుచేసిన వారికి ఫోన్ చేసి అడగండి. స్లైడు తయారుచేసిన వారితో పాటు, ఆ పని చేతులారా చేసిన వారిలో ఒకరినైనా అడగాలి. ఇద్దరి కథా కలిస్తే సరే. కలవకపోతే రాసే ముందు తేల్చుకోవలసింది అదే.

ఎక్కడ ఆగాలి

ఫోన్లలో తెలిసింది ఇది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో శాఖకు ఒక్కో రోగి సంఖ్య ఉండేది. నాలుగు శాఖల వివరాలనూ ఒకచోట చేర్చేటప్పుడు ఫోన్ నంబరూ ఇంటిపేరూ కలిస్తే ఒకే మనిషి అని లెక్కగట్టారు. మన ఇళ్లలో తల్లికీ పిల్లలకీ, కొన్నిచోట్ల అత్తగారికీ కలిపి ఆసుపత్రిలో ఒకే నంబరు ఇస్తారు. దాంతో ఇద్దరు మనుషులు ఒకే రికార్డులో పడ్డారు. ఫిబ్రవరిలో ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు ఫార్మసీలో ఒక ఉద్యోగి తెరమీద ఆరేళ్ల పాప పేరుకింద రక్తపోటు మాత్రలు చూసి ఆగారు. అలా బయటపడింది.

ఇక్కడితో ఆగితే కారణం ‘డేటా’ అవుతుంది, నింద డేటా బృందం మీద పడుతుంది. ఇంకో మెట్టు దిగి అడగండి: ఇది ఫిబ్రవరి దాకా ఎందుకు కనిపించలేదు? జనవరి 5 నుంచి నాలుగు శాఖల్లో ఎనిమిది వారాల పరీక్ష జరగాలన్నది మొదటి ప్రణాళిక. డిసెంబరులో సర్వర్ల ఏర్పాటు వెనకబడింది. ఏప్రిల్ 1ని కదపడం ఇష్టంలేక, పరీక్షను ఒక్క శాఖకు, మూడు వారాలకు కుదించి ఫిబ్రవరి 16న మొదలుపెట్టారు. ఆ నిర్ణయం ప్రాజెక్టు కమిటీది. బాణం గుర్తుకు అర్థం అదన్నమాట.

ఇంకా కిందికి వెళ్లవచ్చు. సర్వర్లు ఎందుకు వెనకబడ్డాయి, బడ్జెట్ ఎందుకు ఆలస్యమైంది, మార్కెట్ ఎలా ఉంది అంటూ. అక్కర్లేదు. ఎవరి చేతిలో నిర్ణయాధికారం ఉందో, ఏ నిర్ణయం వేరుగా ఉంటే ఈ ఆలస్యం ముందే తెలిసేదో, అక్కడ ఆగండి. అంతకు పైన ఆగితే కింది ఉద్యోగి దోషి అవుతాడు, అంతకు కిందికి పోతే ఎవరూ దోషులు కారు.

ఇప్పుడు కారణాన్ని రెండు వాక్యాల్లో, విశేషణాలు లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి. ఒకటి ఏమి చెడిందో, రెండోది అది ఆలస్యంగా ఎందుకు తెలిసిందో. సందేశం ఎన్నిసార్లు తిరగరాసినా ఈ రెండు వాక్యాల అర్థం మారకూడదు. సందేశాన్ని ఆమోదించవలసిన వారితో ముందుగా ఈ రెండు వాక్యాలనే ఆమోదింపజేసుకోండి. మొత్తం సందేశం రాశాక వాదించడం కన్నా ఇది తేలిక.

‘జరిగింది’ అన్న ప్రతిచోటా కర్తను వెతకండి

ఆఫీసు తెలుగులో ‘నిర్ణయించడం జరిగింది’, ‘కుదించడం జరిగింది’, ‘గమనించడం జరిగింది’ అని రాస్తే పని అవుతుంది, చేసిన మనిషి కనిపించడు. స్లైడ్లలో ఇది దట్టంగా ఉంటుంది. ప్రతి ‘జరిగింది’ దగ్గరా ఎవరు చేశారని అడిగి, ఆ కర్తను పెట్టి వాక్యం మళ్లీ రాయండి. ‘పరీక్ష వ్యవధిని కుదించడం జరిగింది’ అన్నది ‘పరీక్షను మూడు వారాలకు కుదించాం’ అవుతుంది.

అయితే కర్తను పెట్టడమంటే మనిషి పేరు పెట్టడం కాదు. నిర్ణయం తీసుకున్నవారు ‘నేను’ అనో ‘మా కమిటీ’ అనో తమ గురించి తాము చెప్పుకోవాలి. పని చేసినవారిని పేరుతో గానీ, పోల్చుకోగలిగే వివరంతో గానీ చూపకూడదు. ముగ్గురే ఉన్న బృందాన్ని ‘డేటా బృందం లోపం’ అంటే పేర్లు రాసినట్టే. లోపాన్ని కనిపెట్టిన ఫార్మసీ ఉద్యోగిని మెచ్చుకోవాలనుకున్నా ముందు వారిని అడగండి. మెప్పు కూడా కొందరికి ఇబ్బందే.

‘సవాళ్లు’, ‘అనివార్య పరిస్థితులు’, ‘స్వల్ప సవరణ’ లాంటి మాటలు తీసేయండి. మూడు నెలల ఆలస్యాన్ని ‘స్వల్పం’ అంటే, మిగతా సందేశంలో నిజం ఉన్నా ఎవరూ నమ్మరు. అలాగని రెండో కొసకూ పోకండి. ‘తీవ్రంగా చింతిస్తున్నాం’, ‘ఘోర వైఫల్యం’ అని రాస్తే చదివేవారు తమ ఉద్యోగాలకు ఏమవుతుందోనని కంగారుపడతారు. మాటల్లో మెత్తదనం కన్నా, భయపడేవారికి కావలసిన నిర్దిష్టమైన విషయం చెప్పడమే ప్రశాంతతనిస్తుంది. ఇక్కడ ఆ విషయం ఒకటుంది: పరీక్ష జరిగింది అసలు రికార్డుల నకలు మీద, ఏ రోగి చికిత్సలోనూ ఆ తప్పు వివరాలు వాడలేదు. ప్రజెంటేషన్‌లో ఇది లేదు. కమిటీకి ముందే తెలుసు కాబట్టి ఎవరూ రాయలేదు. నర్సుకు తెలియదు. అది చదివేదాకా ఆమెకు మరే వాక్యమూ తలకెక్కదు.

తేదీ విషయం

‘రెండో త్రైమాసికం’ అనే మాట కమిటీకి చాలు. సెలవు పెట్టుకోవాలనుకునే మనిషికి చాలదు. అలాగని ‘జూలై 1న మొదలవుతుంది’ అని గట్టిగా చెప్పేయడమూ ప్రమాదమే. మొదటి ఆలస్యాన్ని జనం అర్థం చేసుకుంటారు. రెండోసారి తేదీ మారితే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ తేదీకీ విలువుండదు. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012 జూన్ 3న తెరవాల్సి ఉండగా, అగ్నిమాపక ఏర్పాట్లు సిద్ధంగా లేవని నెల రోజులు కూడా లేనప్పుడు, మే 8న ప్రకటించారు. తర్వాత చెప్పిన తేదీలూ తప్పాయి. చివరికి తెరిచింది 2020 అక్టోబరు 31న.

అందుకని రెండు తేదీలు చెప్పండి. ఒకటి, ‘దీనికన్నా ముందు కాదు’ అనగలిగేది. రెండోది, నిర్ణయం తీసుకునే తేదీ. మొదటి దానితో మనుషులు పనులు కుదుర్చుకుంటారు. రెండో దాన్ని నిలబెట్టుకోవడం పూర్తిగా మీ చేతిలో ఉంది, సాఫ్ట్‌వేర్ ఎలా ఉన్నా సరే.

తిరగరాసిన సందేశం

వరస ఇది: ఏమి మారింది, ఎందుకు, మీ పనిలో ఏం మారుతుంది, మాకు ఇంకా తెలియనిది ఏమిటి, ఎవరిని అడగాలి. కారణాన్ని రెండో పేరాలోకి తేవాలి. చివరికి నెడితే దాచినట్టే ఉంటుంది. కమిటీ అధ్యక్షుడి పేరుతో వెళ్లే సందేశం ఇలా ఉండవచ్చు.

విషయం: కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏప్రిల్ 1న మొదలుకాదు

అందరికీ నమస్కారం.

కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏప్రిల్ 1న మొదలుకాదు. జూలై 1 కన్నా ముందు మొదలుపెట్టం. అప్పటిదాకా నాలుగు శాఖల్లోనూ పాత సాఫ్ట్‌వేర్‌లోనే పని సాగుతుంది.

నాలుగు శాఖల రోగుల వివరాలను ఒకచోట చేర్చేటప్పుడు, ఒకే ఫోన్ నంబరు వాడే కుటుంబాల్లో ఇద్దరి వివరాలు ఒకే రికార్డులో కలిసిపోయాయి. ఫిబ్రవరి పరీక్షలో ఫార్మసీ సిబ్బంది దీన్ని గుర్తించారు. పరీక్షను అసలు రికార్డుల నకలు మీద చేశాం. ఏ రోగి చికిత్సలోనూ ఈ తప్పు వివరాలు వాడలేదు.

ఇది ఇంత ఆలస్యంగా తెలియడానికి కారణం మా నిర్ణయం. జనవరి 5 నుంచి నాలుగు శాఖల్లో ఎనిమిది వారాలు పరీక్షించాలన్నది ప్రణాళిక. డిసెంబరులో సర్వర్ల ఏర్పాటు వెనకబడినప్పుడు, ఏప్రిల్ 1 తేదీని మార్చకుండా ఉండేందుకు పరీక్షను ఒక శాఖకు, మూడు వారాలకు కుదించాం. ఎక్కువ సమయం కావాలని సాంకేతిక బృందం అప్పుడే అడిగింది. ఆ నిర్ణయం తీసుకున్న కమిటీకి అధ్యక్షుణ్ని నేనే.

మార్చి 25 నుంచి ఏప్రిల్ 5 వరకు సెలవులు ఉండవని చెప్పిన ఆదేశాన్ని ఈ రోజు నుంచి ఎత్తివేస్తున్నాం. దానివల్ల ప్రయాణ టికెట్లు రద్దు చేసుకున్నవారు రసీదును మార్చి 31లోగా హెచ్‌ఆర్‌కు ఇస్తే రద్దు రుసుము చెల్లిస్తాం. ఫ్రంట్ ఆఫీసు, ఫార్మసీ, ల్యాబ్ సిబ్బందికి జూన్‌లో రెండు గంటల శిక్షణ మళ్లీ ఉంటుంది. మే 4 నుంచి పరీక్ష జరిగే కౌంటర్లలో ప్రతి బిల్లునూ రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఎక్కించాలి. ఆ కౌంటర్లకు ప్రతి షిఫ్టులో ఒకరిని అదనంగా ఇస్తాం.

కలిసిపోయి ఉండవచ్చని అనుమానిస్తున్న రికార్డులు సుమారు 6,400. వాటిని మనుషులే ఒక్కొక్కటిగా చూడాలి. ఏప్రిల్ చివరికి పూర్తవుతుందన్నది అంచనా మాత్రమే. పని ఎంతవరకు వచ్చిందో మార్చి 31న రాస్తాను. జూలై 1న మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆరు వారాల పరీక్ష చూశాక జూన్ 15న నిర్ణయించి, అదే రోజు మీకు తెలియజేస్తాను.

ప్రశ్నలుంటే మీ విభాగాధిపతిని అడగండి. గురువారం ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు సమావేశ మందిరంలో నేను ఉంటాను. రాత్రి షిఫ్టు ముగించి వెళ్లేవారికి మొదటి సమయం వీలుగా ఉంటుంది.

ఇందులో క్షమాపణ అన్న మాట లేదని గమనించే ఉంటారు. పెట్టాలనుకుంటే ఒక్కసారి, టికెట్ల వాక్యం పక్కన పెట్టండి. అక్కడ నష్టం నిర్దిష్టంగా ఉంది, దాన్ని భర్తీ చేస్తున్నారు కూడా. మొదటి వాక్యంలో పెడితే అది మర్యాద మాత్రమే. ‘సాంకేతిక బృందం అప్పుడే అడిగింది’ అన్న వాక్యం గురించి కూడా ఒక మాట. అది నిజమైతేనే, ఆ బృందం ఒప్పుకుంటేనే ఉంచండి. అది లేకపోతే సిబ్బంది సాంకేతిక బృందాన్ని అనుమానిస్తారు కాబట్టి, ఉంచమనే నా సలహా.

పైవాళ్లు కారణాన్ని కొట్టేస్తే

మూడో పేరా మీద ఎర్ర గీత పడే అవకాశం ఎక్కువ. దాని బదులు ‘వెండర్ వైపు నుంచి ఎదురైన సమస్యల వల్ల’ అని రాయమంటారు. అప్పుడు మీరు పట్టుకోవలసిన గీత ఇది: కారణాన్ని చిన్నది చేయవచ్చు, దాని స్థానంలో వేరేది పెట్టకూడదు. ‘పరీక్షకు మేం కేటాయించిన సమయం సరిపోలేదు’ అన్న ఒక్క వాక్యానికి కుదిస్తానని చెప్పండి. అందులో కర్త ఉన్నాడు, నిజం ఉంది, సర్వర్ల సంగతి లేదు. చాలామంది దీనికి ఒప్పుకుంటారు.

వాదించేటప్పుడు నీతి మాట్లాడకండి. డిసెంబరు సమావేశంలో ఉన్నవారు, సర్వర్లు బిగించినవారు, పరీక్ష కుదించారని విన్న నర్సింగ్ సూపర్‌వైజర్లు ఇదే సందేశం చదువుతారని గుర్తుచేయండి. సంస్థలో కొందరికైనా నిజం ముందే తెలుసు. వెండర్ మీదకు తోస్తే వారిలో ఎవరో ఒకరు సాయంత్రానికల్లా అసలు సంగతి చెబుతారు. అప్పుడు టికెట్ల డబ్బు ఇస్తామన్న మాట కూడా నమ్మరు.

నిజంగానే చెప్పలేని సందర్భాలున్నాయి. వెండర్‌తో వివాదం న్యాయవాదుల దాకా వెళ్లి ఉండవచ్చు. రోగుల వివరాలు బయటికి పొక్కి ఉంటే, సందేశం కన్నా ముందు చేయాల్సిన చట్టపరమైన పనులుంటాయి. అలాంటప్పుడు ‘ఒప్పందానికి సంబంధించిన వివాదం నడుస్తున్నందున ఆ భాగం గురించి ఇప్పుడు చెప్పలేం’ అని రాయండి. చెప్పలేమని చెప్పడం దాచడం కాదు.

పంపే ముందు, పంపాక

ఇద్దరికి చూపండి. ఒకరు అసలు కథ తెలిసిన ఇంజనీరు, తప్పులు పట్టడానికి. రెండోవారు ఏమీ తెలియని ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగి. ఆమె ఒకసారి చదివాక కాగితం తీసేసుకుని, ‘ఎందుకు ఆలస్యమైంది? మీకు ఏం మారుతుంది?’ అని అడగండి. ‘కంప్యూటర్లో ఏదో సమస్యట’ అంటే కారణం అందలేదు. రెండో పేరాను మళ్లీ రాయండి. ‘పరీక్ష సరిగ్గా చేయలేదట, నా సెలవు తిరిగి వచ్చింది’ అంటే పంపవచ్చు. ఆమె మాట మీ వాక్యం కన్నా మొరటుగా ఉన్నా కంగారుపడకండి, క్యాంటీన్‌లో తిరిగేది ఆ రూపమే.

విభాగాధిపతులకు రెండు మూడు గంటల ముందు ఇవ్వండి, ఒక రోజు ముందు కాదు. రోజు ముందు ఇస్తే ఫోన్‌లో ఫొటోగా తిరుగుతుంది. సాంకేతిక బృందం అందరితో పాటు కాకుండా అంతకన్నా ముందే చదవాలి. శుక్రవారం సాయంత్రం పంపకండి, అడగడానికి ఎవరూ లేని రెండు రోజుల్లో సందేహాలు పుకార్లవుతాయి. ప్రజెంటేషన్‌ను జతచేయాలా అంటే, అందులో కారణం వేరుగా ఉన్నంతకాలం వద్దు. ముందు తొమ్మిదో స్లైడును సరిచేయించండి. కమిటీకి ఒక కారణం, సిబ్బందికి ఒక కారణం ఉంటే రెండు కాగితాలూ ఏదో ఒక రోజు ఒకే బల్లమీదకు వస్తాయి.

ఇక మార్చి 31. ఆ రోజు చెప్పడానికి కొత్తదేమీ లేకపోవచ్చు. అయినా రాయాలి: ‘6,400లో ఇంతవరకు ఇన్ని చూశాం, ఇన్ని నిజంగా కలిసిపోయినవి, ఇన్ని సరైనవే.’ అంకె ఆశించినదాని కన్నా తక్కువుంటే ఆ సంగతే రాయండి, దానితో జూలై 1 మీద ప్రభావం ఉంటుందో లేదో కూడా. ఈ రెండో సందేశం ముసాయిదాను మొదటి దానితో పాటే, అంకెల చోటు ఖాళీగా ఉంచి, ఇప్పుడే తయారుచేసి పెట్టుకోండి. మార్చి 31న ఆర్థిక సంవత్సరం ముగింపు, బిల్లింగ్ విభాగంలో ఎవరికీ తీరిక ఉండదు.